కాలేయంలో కొవ్వు, కండరంలో కాల్షియం: నునుపు అంతర్జీవద్రవ్యజాలం చేసే పని, అది తప్పే తీరు

కోరుకొండ, రాజానగరం, అనపర్తి ప్రాంతాల లేయర్ కోళ్ల షెడ్లలో వేసవి ముదిరిన తరువాత ఒక దృశ్యం తరచుగా ఎదురవుతుంది. ముందు రోజు వరకు బాగా గుడ్లు పెట్టిన, ఒంట్లో పుష్టి ఉన్న కోడి తెల్లవారేసరికి పంజరంలో చచ్చి పడి ఉంటుంది. తలపై తురాయి పాలిపోయి ఉంటుంది. పొట్ట కోసి చూస్తే కాలేయం పసుపు రంగుకు తిరిగి, వేలితో నొక్కితే చిట్లిపోయేంత మెత్తగా ఉంటుంది. దాని పొర చిరిగి రక్తం గడ్డకట్టి కనిపిస్తుంది. రైతు దీనిని వడదెబ్బ అనుకుంటాడు, లేదా అంటువ్యాధి వచ్చిందని భయపడతాడు. నిజానికి ఆ కాలేయ కణంలోని ఒక పొరల వ్యవస్థ, తాను తయారుచేసిన కొవ్వును బయటకు పంపలేకపోవటమే ఈ మరణానికి మూలం. ఆ వ్యవస్థ పేరు నునుపు అంతర్జీవద్రవ్యజాలం.

విద్యార్థులు పాఠ్యపుస్తకంలో దీని విధులను మూడు వరుసలలో చదువుతారు: లిపిడ్ల సంశ్లేషణ, విష పదార్థాల నిర్విషీకరణం, కాల్షియం నిల్వ. ఈ మూడు వరుసల వెనుక పశుపాలన క్షేత్రంలో కనిపించే మూడు రకాల వైఫల్యాలున్నాయి. వాటిని ఒక కోడి కాలేయం నుంచి మొదలుపెట్టి ఒక గేదె కండరం వరకు పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే జాలం, రెండు రూపాలు

కణద్రవ్యమంతటా అల్లుకొని ఉండే పొరల వలను 1945లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో తొలిసారి గమనించిన పరిశోధకులలో కీత్ పోర్టర్ ఒకరు. 1953లో దానికి అంతర్జీవద్రవ్యజాలం అన్న పేరు పెట్టింది కూడా ఆయనే. పొరల బయటి తలంపై రైబోజోములు అంటుకొని ఉన్న భాగం గరుకుగా కనిపిస్తుంది. అక్కడ ప్రోటీన్లు తయారవుతాయి. రైబోజోములు లేని గొట్టాల వంటి భాగం నునుపుగా కనిపిస్తుంది. ఈ రెండూ వేరువేరు నిర్మాణాలు కావు. ఒకే పొర ఒకచోట గరుకుగా ఉండి, కొంత దూరం పోయాక నునుపు గొట్టాలుగా మారుతుంది. కాలేయ కణంలో ఈ కలయిక ఎంతో అవసరమని కింది వివరణలో తెలుస్తుంది.

నునుపు జాలం పరిమాణం అన్ని కణాలలో ఒకే విధంగా ఉండదు. కణం చేసే పనిని బట్టి అది పెరుగుతుంది, తగ్గుతుంది. కాలేయ కణంలో లిపిడ్లు, విషాలకు సంబంధించిన ఎంజైములు దాని పొరలో నాటుకొని ఉంటాయి. కండర తంతువులో అదే జాలం కాల్షియం నిల్వకు ప్రత్యేకించిన సంచులుగా మారి సార్కోప్లాస్మిక్ రెటిక్యులం అనిపించుకుంటుంది.

రోజుకొక గుడ్డు, రోజుకు ఆరు గ్రాముల కొవ్వు

సుమారు 60 గ్రాముల బరువున్న గుడ్డులోని పచ్చసొనలో 6 గ్రాములకు దగ్గరగా కొవ్వు ఉంటుంది. పక్షులలో కొవ్వు ఆమ్లాలు ప్రధానంగా కాలేయంలోనే తయారవుతాయి. కొవ్వు కణజాలం పాత్ర చాలా తక్కువ. అందువల్ల పచ్చసొనలోని కొవ్వు దాదాపు అంతా కాలేయం గుండానే అండాశయానికి చేరాలి. కిలోన్నర బరువున్న లేయర్ కోడి కాలేయం సుమారు 45 గ్రాములు ఉంటుందని అనుకుందాం. ఆ లెక్కన అది ప్రతిరోజూ తన బరువులో ఎనిమిదో వంతుకు పైగా కొవ్వును తయారుచేసి బయటకు పంపుతున్నది. ఇంత పని ఏ క్షీరద కాలేయానికీ మామూలుగా ఉండదు.

ఈ పని మూడు అంచెలలో జరుగుతుంది. దాణాలోని పిండిపదార్థం నుంచి కొవ్వు ఆమ్లాల గొలుసు మొదట కణద్రవ్యంలో తయారవుతుంది. తరువాతి పనులు నునుపు జాలం పొరపై సాగుతాయి. అక్కడి ఎంజైములు ఆ గొలుసును అవసరమైతే పొడిగిస్తాయి, అందులో ద్విబంధాన్ని చేరుస్తాయి, చివరకు గ్లిసరాల్‌కు మూడు ఆమ్లాలను తగిలించి ట్రైగ్లిసరైడ్‌గా మారుస్తాయి. ఫాస్ఫాటిడిల్ కోలిన్ వంటి ఫాస్ఫోలిపిడ్లు కూడా ఇక్కడే తయారవుతాయి.

మూడో అంచె ఎగుమతి. కొవ్వు నీటిలో కరగదు కనుక ఒంటరిగా రక్తంలోకి పోలేదు. గరుకు జాలంలో తయారైన అపోలైపోప్రోటీన్ బి అనే పెద్ద ప్రోటీన్‌కు జాలం లోపలి గదిలో ట్రైగ్లిసరైడ్‌ను అందించాలి, పైన ఫాస్ఫోలిపిడ్ల తొడుగు వేయాలి. అప్పుడే అతి తక్కువ సాంద్రత గల లైపోప్రోటీన్ రేణువు పూర్తవుతుంది. గరుకు భాగపు ప్రోటీను, నునుపు భాగపు కొవ్వు ఒకే గదిలో కలవాలి కనుకనే పై రెండు రూపాలు ఒకే పొరగా ఉండటం అవసరమైంది. తయారైన రేణువు గాల్జీ సంక్లిష్టం ద్వారా రక్తంలోకి, అక్కడి నుంచి పెరుగుతున్న పచ్చసొనలోకి చేరుతుంది. పక్వానికి వచ్చిన కోడిలో ఈస్ట్రోజెన్ హార్మోను ఈ మొత్తం ఉత్పత్తిని పెంచుతుంది.

ఇప్పుడు ఎగుమతి కొద్దిగా తగ్గితే ఏమవుతుందో ఒక ఉదాహరణతో లెక్కించవచ్చు. 45 గ్రాముల కాలేయంలో నీరు పోగా 12 గ్రాముల పొడి పదార్థం, అందులో 3 గ్రాముల కొవ్వు ఉన్నదని అనుకుందాం. అంటే పొడి పదార్థంలో నాలుగో వంతు కొవ్వు. రోజువారీ 6 గ్రాములలో పదో వంతు, అంటే 0.6 గ్రాము మాత్రమే లోపల మిగిలిపోయిందనుకుందాం. పది రోజులకు 6 గ్రాములు చేరతాయి. పొడి పదార్థం 18 గ్రాములు, అందులో కొవ్వు 9 గ్రాములు, అంటే సగం. కొవ్వు కాలేయ రక్తస్రావ వ్యాధితో చనిపోయిన కోళ్ల కాలేయాలలో పొడి పదార్థంలో 40 శాతానికి మించి కొవ్వు కనిపిస్తుంది. పదిలో ఒక వంతు లోటు ఈ స్థాయికి తేవటానికి కొద్ది రోజులే చాలు. అప్పటికీ కోడి గుడ్లు పెడుతూనే ఉంటుంది కనుక రైతుకు ముందుగా సూచన అందదు. కొవ్వుతో ఉబ్బిన కాలేయపు రక్తనాళాలు బలహీనపడి, గుడ్డు పెట్టే శ్రమలోనో, వేడికి రొప్పే సమయంలోనో చిట్లుతాయి.

ఈ లోటు రెండు వైపుల నుంచి రావచ్చు. ఒకటి, తయారీ ఎక్కువ కావటం. పంజరంలో కదలిక తక్కువ; వేసవిలో శరీర ఉష్ణోగ్రతను నిలుపుకోవటానికి అవసరమయ్యే శక్తి కూడా తక్కువ. అయినా మొక్కజొన్న ఎక్కువగా ఉన్న అదే దాణాను అదే పరిమాణంలో పెడితే మిగులు శక్తి అంతా కొవ్వుగా మారుతుంది. రెండు, ఎగుమతి తగ్గటం. దాణాలో కోలిన్, మిథియోనిన్ తక్కువైతే ఫాస్ఫాటిడిల్ కోలిన్ చాలదు. రేణువుకు తొడుగు దొరకదు. అందువల్ల దాణాలో శక్తి పరిమాణాన్ని సవరించటం, కోలిన్, మిథియోనిన్ పూర్తిగా అందించటం అనే రెండు పనులను కలిపి చేయాలి. శక్తిని తగ్గించటానికి మన ప్రాంతంలో సులభంగా దొరికే నూనె తీసిన తవుడును కొంత మేర మొక్కజొన్నకు బదులుగా వాడవచ్చు. అయితే దాని నాణ్యతను ముందు పరీక్షించాలి. కారణం తరువాతి భాగంలో ఉన్నది.

నిర్విషీకరణం అన్న మాట మోసం చేసే చోటు

కాలేయం విషాన్ని విరిచివేస్తుందని అనుకోవటం వాడుక. నునుపు జాలం పొరలో ఉండే సైటోక్రోమ్ పి-450 కుటుంబపు ఎంజైములు చేసే అసలు పని అంతకంటె సాదాగా ఉంటుంది. కొవ్వులో కరిగే పదార్థానికి ఒక ఆక్సిజన్ పరమాణువును చేరుస్తాయి. ఆ తరువాత మరికొన్ని ఎంజైములు గ్లూకురోనిక్ ఆమ్లం వంటి నీటిలో కరిగే భాగాన్ని దానికి తగిలిస్తాయి. అప్పుడు ఆ పదార్థం పిత్తంలోకో మూత్రంలోకో పోతుంది. కార్బన్ మోనాక్సైడ్‌తో కలిసినప్పుడు 450 నానోమీటర్ల కాంతిని గ్రహించటం వల్ల ఈ వర్ణకానికి ఆ పేరు వచ్చింది. 1960ల మొదట్లో ఒమురా, సాటో అనే జపాన్ శాస్త్రవేత్తలు దీనిని హీమ్ ప్రోటీనుగా నిర్ధారించారు. 1963లో రెమ్మర్, మెర్కర్ అనే జర్మన్ పరిశోధకులు జంతువులకు ఫీనోబార్బిటాల్ మందు ఇచ్చి, కాలేయ కణాలలో నునుపు జాలం బాగా విస్తరించటం చూపించారు. మందు ఆపితే కొన్ని రోజులలో ఆ పొరలు తిరిగి తగ్గుతాయి. వచ్చే రసాయనాల భారాన్ని బట్టి కణం తన పొరలను పెంచుకుంటుందన్న మాట.

కానీ ఆక్సిజన్ చేర్చటం ప్రతిసారీ విషాన్ని తగ్గించదు. బూజు పట్టిన మొక్కజొన్నలోను, వేరుశనగ చెక్కలోను, తవుడులోను ఆస్పర్జిల్లస్ ఫ్లావస్ అనే శిలీంధ్రం అఫ్లాటాక్సిన్ బి1 ను తయారుచేస్తుంది. పుట్టిన రూపంలో అది కణానికి అంత ప్రమాదకారి కాదు. పి-450 ఎంజైము దానికి ఆక్సిజన్ చేర్చి 8,9-ఎపాక్సైడ్‌గా మార్చినప్పుడే అది డిఎన్ఎలోని గ్వానిన్‌కు గట్టిగా అంటుకొంటుంది. అదే కుటుంబపు ఎంజైములు మరోచోట ఆక్సిజన్ చేరిస్తే తక్కువ విషపూరితమైన అఫ్లాటాక్సిన్ ఎం1 తయారవుతుంది. పాడి పశువుల పాలలోకి వచ్చేది ఇదే. ఏర్పడిన ఎపాక్సైడ్‌ను కణద్రవ్యంలోని గ్లూటాథయోన్‌కు తగిలించే ఎంజైము చాలినంత ఉంటే హాని తప్పుతుంది. అంటే ఒక పక్షి ఎంత తట్టుకుంటుందన్నది ఎపాక్సైడ్ తయారయ్యే వేగం, అది తొలగిపోయే వేగం, ఈ రెండింటి మధ్య తేడాపై ఆధారపడుతుంది.

ఈ తేడా వల్లనే జాతుల మధ్య ఇంత అంతరం. 1960లో ఇంగ్లండులో బ్రెజిల్ వేరుశనగ పిండి కలిసిన దాణా తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. అఫ్లాటాక్సిన్ ఉనికి బయటపడింది ఈ సంఘటన వల్లనే. టర్కీ కాలేయంలో ఎపాక్సైడ్‌ను తయారుచేసే పి-450 చురుకుగా ఉంటుంది, దానిని తొలగించే ఎంజైము చాలా బలహీనం. బాతు పిల్లలు అంతకంటె కూడా సున్నితమైనవి. కోళ్లు పోల్చి చూస్తే తట్టుకోగలవు. డెల్టాలో కోతలయ్యాక వరి చేలలో బాతులను మేపే రైతులకు ఈ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. కోళ్లకు పెట్టగా ఏమీ కాలేదన్న నమ్మకంతో అదే బూజు దాణాను బాతులకు పెట్టరాదు. మనుషులూ దీనికి అతీతులు కారు. 1974లో పశ్చిమ భారతదేశంలోని గిరిజన గ్రామాలలో బూజు పట్టిన మొక్కజొన్న తిన్నవారిలో కామెర్లతో కూడిన కాలేయ వ్యాధి వచ్చి 106 మంది మరణించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దానిని పరిశోధించి అఫ్లాటాక్సిన్‌తో సంబంధాన్ని నిరూపించారు.

ఇక్కడ మొదటి భాగంతో ముడి పడుతుంది. ఎపాక్సైడ్ డిఎన్ఎకు అంటుకొన్నప్పుడు ఆర్ఎన్ఎ తయారీ, దాని వెంట ప్రోటీన్ల తయారీ తగ్గుతాయి. అపోలైపోప్రోటీన్ బి తగ్గితే కొవ్వు తయారవుతూనే ఉన్నా దానిని మోసుకుపోయేది ఉండదు. కాబట్టి బూజు దాణా తిన్న కోడిలో కూడా కాలేయం పసుపు రంగుకు తిరుగుతుంది. శవపరీక్షలో పసుపు కాలేయం కనిపించినంత మాత్రాన శక్తి ఎక్కువైందని తేల్చరాదు.

రెండింటినీ వేరు చేయటానికి మందలోని ఇతర లక్షణాలు తోడ్పడతాయి. శక్తి ఎక్కువైన సందర్భంలో చనిపోయేవి బరువైన కోళ్లు, పొట్టలో కొవ్వు దండిగా ఉంటుంది, దాణా తినటం తగ్గదు, మరణాలు ఒక్కొక్కటిగా ఉంటాయి. అఫ్లాటాక్సిన్ అయితే మంద మొత్తం దాణా తినటం తగ్గిస్తుంది. గుడ్ల సంఖ్య, పరిమాణం పడిపోతాయి. చర్మం కింద కమిలిన మచ్చలు కనిపిస్తాయి. టీకాలు వేసినా రోగనిరోధక స్పందన బలహీనంగా ఉంటుంది. తుది నిర్ణయం మాత్రం దాణా పరీక్షతోనే జరగాలి. ఈ పరీక్షలో ఎక్కువ తప్పులు నమూనా తీయటంలో జరుగుతాయి. విషం గింజలన్నిటిలో సమానంగా ఉండదు. బస్తాలో కొద్ది గింజలలోనే అధికంగా చేరి ఉంటుంది. ఒక బస్తా పైభాగం నుంచి గుప్పెడు తీసి పంపితే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. అనేక బస్తాల నుంచి, పై, మధ్య, అడుగు భాగాల నుంచి కొద్దికొద్దిగా తీసి, మొత్తం పొడి చేసి, బాగా కలిపి, దానిలో నుంచి నమూనా తీయాలి. అతినీలలోహిత కాంతిలో ఆకుపచ్చ పసుపు మెరుపు కనిపిస్తే అది అనుమానానికి ఆధారమే కాని నిర్ధారణ కాదు.

నివారణ కాలేయం వరకు రాకముందే జరగాలి. మొక్కజొన్నను 12-13 శాతం తేమకు ఆరబెట్టి నిల్వ చేయటం మొదటి మెట్టు. దాణాలో కలిపే బెంటొనైట్ వంటి బంకమన్నులు పేగులోనే అఫ్లాటాక్సిన్‌ను పట్టి ఉంచుతాయి. ఒకసారి కాలేయంలో ఎపాక్సైడ్ ఏర్పడిన తరువాత అవి చేసేదేమీ ఉండదు. కాలేయ ఎంజైములను ప్రేరేపిస్తే విషం త్వరగా విరుగుతుందన్న వాదన కూడా నిలవదు. పి-450 మాత్రమే పెరిగి, గ్లూటాథయోన్ పెరగకపోతే ఎపాక్సైడ్ ఇంకా ఎక్కువవుతుంది. ఈ సూత్రం పురుగుమందులకూ వర్తిస్తుంది. క్లోర్‌పైరిఫాస్ వంటి మందులలోని గంధకం స్థానంలో ఆక్సిజన్ చేరినప్పుడే అవి నరాలపై పనిచేసే తీవ్ర విషంగా మారతాయి. ఆ మార్పు జరిగే ప్రధాన స్థలం ఈ నునుపు జాలమే. పురుగుమందు తగిలిన వ్యక్తిలో లక్షణాలు కొంత ఆలస్యంగా బయటపడటానికి ఇదొక కారణం.

కాల్షియం ఉన్నా లేవలేని గేదె

కండర తంతువులో విశ్రాంతి సమయంలో కణద్రవ్యంలో ఉండే స్వేచ్ఛా కాల్షియం లీటరుకు 0.1 మైక్రోమోల్ మాత్రమే. సార్కోప్లాస్మిక్ రెటిక్యులం లోపల అంతకు దాదాపు పదివేల రెట్లు ఉంటుంది. అక్కడ కాల్సిక్వెస్ట్రిన్ అనే ప్రోటీన్ ఇంకా ఎక్కువ కాల్షియాన్ని వదులుగా పట్టి ఉంచుతుంది. నరం నుంచి సంకేతం వచ్చినప్పుడు పొరలోని ద్వారాలు తెరుచుకొని కాల్షియం బయటకు దూకుతుంది, కండరం ముడుచుకుంటుంది. సడలటానికి ఆ కాల్షియాన్ని తిరిగి లోపలికి తోడాలి. పొరలోని పంపు రెండు కాల్షియం అయాన్లకు ఒక ఎటిపి చొప్పున ఖర్చు చేస్తుంది. అంటే ముడుచుకోవటానికే కాక సడలటానికీ శక్తి కావాలి. మరణించిన జంతువులో ఎటిపి అయిపోయాక కండరాలు బిగుసుకోవటంలో ఈ పంపు ఆగిపోవటానికీ పాత్ర ఉన్నది.

ఈ శక్తి కథలో గోదావరి డెల్టాకు ఒక స్థానమున్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎటిపిని కనుగొన్న విషయాన్ని ప్రకటించారు. అంతకు ముందు 1925లో వారు రూపొందించిన ఫాస్ఫరస్ వర్ణ పరీక్ష, ఎటిపి విరిగినప్పుడు విడుదలయ్యే ఫాస్ఫేటును కొలవటానికి దశాబ్దాలపాటు ప్రయోగశాలలలో ఉపయోగపడింది.

విద్యార్థులు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. పాల జ్వరంలో ఈనిన గేదె రక్తంలో కాల్షియం తగ్గి లేవలేక పడిపోతుంది. కండరం తన సంచులలో కాల్షియం దాచుకొని ఉన్నప్పుడు రక్తంలో తగ్గితే ఏమి?

ఈనిన మొదటి రెండు మూడు రోజులలో జున్నుపాల ద్వారా కాల్షియం భారీగా పోతుంది. రక్తపు ప్లాస్మా మొత్తంలో ఉండే కాల్షియం 2-3 గ్రాములే. పది లీటర్ల జున్నుపాలలో పోయేది 20 గ్రాములకు పైగా. ఎముకల నుంచీ పేగుల నుంచీ భర్తీ ఆలస్యమైతే రక్తంలో స్థాయి పడిపోతుంది. అప్పుడు కాళ్ల కండరాల సంచులు ఖాళీ కావు. లోపం వాటికి ఆజ్ఞ చేరే చోట ఏర్పడుతుంది. నరం చివర అసిటైల్ కోలిన్ విడుదల కావాలంటే బయటి నుంచి కాల్షియం నరంలోకి ప్రవేశించాలి. అది తగ్గితే సంకేతం కండరానికి చేరదు. నిండిన సంచి తెరుచుకోదు. ఇక రుమెన్ గోడలోని మృదు కండరంలో ఈ జాలం స్వల్పం, బయటి కాల్షియంపై ఆధారం ఎక్కువ. అందుకే పొట్ట కదలిక ఆగి, పేడ వేయటం నిలిచిపోతుంది. గుండెలో కూడా బయటి నుంచి ప్రవేశించే కాల్షియమే లోపలి సంచిని తెరిపిస్తుంది కనుక గుండె చప్పుడు బలహీనపడుతుంది.

వ్యాధి పేరులో జ్వరమున్నా శరీరం చల్లబడుతుంది, చెవులు చల్లగా తగులుతాయి, గేదె తలను పక్కకు తిప్పి డొక్కపై ఆనించి పడుకుంటుంది. కాల్షియం బోరోగ్లూకోనేట్‌ను నరంలోకి పశువైద్యుడు నెమ్మదిగా, గుండె వింటూ ఎక్కించటానికి కారణం కూడా పై వివరణలోనే ఉన్నది. ఆకలిగొన్న గుండె కండరానికి బయటి కాల్షియం ఒక్కసారిగా హెచ్చితే దాని లయ తప్పవచ్చు. మందు పనిచేసిన తొలి గుర్తులు త్రేనుపు రావటం, కండరాలు వణకటం, పేడ వేయటం. అంటే ఆగిపోయిన సంకేతాలు తిరిగి చేరుతున్నాయి.

ఇదే తర్కం కోడికీ వర్తిస్తుంది. గుడ్డు పెంకుకు కావలసిన రెండు గ్రాములకు పైగా కాల్షియం దాణా నుంచి, ఎముకల నుంచి వస్తుంది. కండరంలోని సంచులు దానికి నిల్వ కావు. వాటిలో ఉన్నది కదలికకు వాడే కొద్ది మొత్తం మాత్రమే, ప్రతి ముడుపుకు బయటికి వచ్చి మళ్లీ లోపలికి పోయేది. శరీరపు కాల్షియం ఖజానా ఎముక. కండరపు జాలం ఆ కణం తన పనికోసం చేతిలో ఉంచుకొన్న చిల్లర. పలుచని పెంకు గుడ్లు వచ్చినప్పుడు చూడవలసింది దాణాలోని సున్నపురాయిని, గవ్వపొడిని. పసుపు కాలేయం కనిపించినప్పుడు చూడవలసినవి దాణాలోని శక్తి లెక్కలు, కోలిన్ పరిమాణం, మొక్కజొన్న తేమ.